ఫిల్టర్ కాఫీ పిప్పి కుండీల్లో నేరుగా వేయొచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి. ఇంట్లో రోజూ ఫిల్టర్ కాఫీనే. మిగిలిన పిప్పిని మిద్దె మీద గులాబీ, కరివేపాకు కుండీల్లో వేస్తున్నాను, మొక్కలకు బలమని విన్నాను. ఈ మధ్య మట్టి పైన నల్లగా గట్టి పొర కట్టింది, గులాబీకి కొత్త ఆకులు పసుపుగా వస్తున్నాయి. పిప్పి నేరుగా వేయొచ్చా, వద్దా? ఇంట్లో ఇంకెందుకైనా పనికొస్తుందా? మా వీధి చివర హోటల్ వాళ్లు గోతం నిండా ఇస్తామంటున్నారు, తెచ్చుకోమంటారా?

సమాధానం:

నేరుగా వేయకండి. కంపోస్ట్ చేసి వేయండి. అదే పిప్పి రెండు మూడు నెలలు ఎండుటాకులతో కలిసి మాగితే మంచి ఎరువవుతుంది, ఫిల్టర్ లోంచి తీసి తడితడిగా కుండీలో కొడితే మీరు చెప్పిన తంటాలే వస్తాయి. మీ గులాబీ పసుపు రంగు మాత్రం వేరే విషయం అయ్యుండొచ్చు, దాని గురించి కింద విడిగా రాశాను.

నేను చాలా ఏళ్లుగా తిరుపతిలోనే మిద్దె తోట చేస్తున్నాను, మా వీధిలో వాళ్లవీ బంధువులవీ తోటలు కూడా చూస్తుంటాను కాబట్టి ఈ నల్ల పొర నాకు బాగా తెలిసిన సంగతే. ఎందుకు కడుతుందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

ఫిల్టర్ కాఫీ పొడి చాలా సన్నటి పొడి. దాంట్లోని రేణువులు తడిగా ఉన్నప్పుడు ఒకదానికొకటి అతుక్కుని, మన ఎండకి ఆరినప్పుడు సందు లేకుండా బిగుసుకుంటాయి. కాఫీలో సహజంగా ఉండే నూనె కూడా పిప్పిలో కొంత మిగిలే ఉంటుంది, అందుకని ఒకసారి పూర్తిగా ఎండిన పొర నీళ్లని వెంటనే పీల్చుకోదు. మనం వాడేది చాలావరకు చికోరీ కలిసిన పొడి, 80:20 అనో 70:30 అనో కొట్లో అడిగి తెచ్చుకుంటాం కదా, ఆ చికోరీ తడిసి ఉబ్బి కాస్త జిగటగా ఉంటుంది. ఉత్త కాఫీ పిప్పి కన్నా చికోరీ కలిసిన పిప్పి ఇంకా గట్టిగా పొర కట్టడం నేను చూస్తూనే ఉన్నాను.

ఇప్పుడు మీ కుండీ దగ్గరికి వెళ్లి ఒక పని చేయండి. ఒక చెంబు నీళ్లు మెల్లగా మధ్యలో పోయండి. నీళ్లు కాసేపు పైనే నిలబడి, తర్వాత అంచు వైపు జారి, కుండీ గోడకీ మట్టికీ మధ్య సందులోంచి దిగి అడుగు రంధ్రాల్లోంచి గబగబా బయటికి వచ్చేస్తే లోపల మట్టి తడవట్లేదని అర్థం. అడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి కదా, సరిపోయింది అనుకుంటాం, అక్కడే మోసపోతాం. పొర అంచుని వేలితో ఎత్తి చూడండి. చాలాసార్లు అది అప్పడంలా ఒక ముక్కగా పైకి లేస్తుంది, కింద ఎర్రమట్టి పొడిపొడిగా, దుమ్ముగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన మిద్దెల మీద ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, ఆ ఎండలో వేరు రెండు రోజులు తడి చూడకపోతే మొక్క వాలిపోతుంది.

పొర కట్టకుండా మట్టిలో కలిపేస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. కాఫీ పిప్పిలో ఎండు బరువు మీద సుమారు 2 శాతం నత్రజని ఉంటుంది, ఆ మాట నిజమే. కానీ అది మొక్క వెంటనే తీసుకునే రూపంలో ఉండదు, మాంసకృత్తుల్లోనూ వేయించినప్పుడు తయారైన నల్లటి పదార్థాల్లోనూ బందీగా ఉంటుంది. దాన్ని సూక్ష్మజీవులు తిని విడగొట్టాలి. పచ్చి పిప్పిని మట్టిలో కలిపితే ఆ సూక్ష్మజీవులు పెరగడానికి అవే మట్టిలో సిద్ధంగా ఉన్న నత్రజనిని లాక్కుంటాయి, కొంతకాలం మొక్కకి ఆకలి. దీనికితోడు పిప్పిలో కొంత కెఫిన్ మిగిలే ఉంటుంది. కాఫీ చెట్టు కెఫిన్ తయారుచేసుకునేదే పురుగుల నుంచి కాపాడుకోవడానికి, పక్కన ఇతర విత్తనాలు మొలవకుండా అడ్డుకోవడానికి కూడా అది పనికొస్తుంది. అది మన కుండీల్లోకి వచ్చినా తన పని మానదు.

ఇది నా ఒక్కడి అనుభవమే కాదు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు బ్రకోలీ, ముల్లంగి, పొద్దుతిరుగుడు లాంటి ఐదు రకాల మొక్కల్ని తీసుకుని, వేర్వేరు నేలల్లో పచ్చి కాఫీ పిప్పి కలిపి పెంచి చూశారు, 2016లో ఆ ఫలితాలు వచ్చాయి. అన్ని నేలల్లోనూ మొక్కల ఎదుగుదల తగ్గింది, ఎరువు వేసినా ఆ తగ్గుదల పోలేదు. మట్టి మాత్రం నీటిని బాగా పట్టుకుంది, కలుపు కూడా తగ్గింది. కలుపు తగ్గిందంటే అర్థం చేసుకోండి, కలుపుని ఆపేది మన మొక్కనీ ఆపుతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఎందుకంటే గులాబీకి కాఫీ పిప్పి వేయమని చెప్పేవాళ్లంతా ఇదే చెబుతారు: కాఫీ పులుపు కాబట్టి మట్టికి ఆమ్ల గుణం వస్తుందని. కాఫీలో ఆమ్లాలు నీటిలో కరిగేవి, వాటిలో ఎక్కువ భాగం డికాషన్‌లోకి దిగిపోతాయి, దాన్ని మనం తాగేస్తాం. మిగిలిన పిప్పి చాలావరకు తటస్థానికి దగ్గరగా, కొద్దిగా ఆమ్లం వైపు ఉంటుంది, మట్టిలో మాగేకొద్దీ ఆ కాస్త కూడా నిలబడదు. సున్నం ఎక్కువున్న మట్టిని దీంతో మార్చేద్దామనుకుంటే కుదరదు.

మీ కుండీలకి ఇప్పుడు చేయాల్సింది

ముందు ఆ నల్ల పొర మొత్తం తీసేయండి. ముక్కలు పారేయొద్దు, కంపోస్ట్‌కి పనికొస్తాయి. తర్వాత పైన ఒక అంగుళం మట్టిని చిన్న పారతోనో పాత ఫోర్కుతోనో మెల్లగా గొప్పు తవ్వినట్టు కదపండి, గులాబీ వేర్లు కొన్ని పైనే ఉంటాయి కాబట్టి లోతుగా గుచ్చొద్దు. ఇప్పుడు నీళ్లు ఒకేసారి పోయకుండా కొంచెం పోసి, పది నిమిషాలు ఆగి, మళ్లీ పోయండి. మొదటి నీళ్లు మట్టిని మెత్తబరుస్తాయి, రెండోసారి పోసినవి లోపలికి దిగుతాయి. మట్టి మరీ ఎండిపోయి గోడ నుంచి విడిపోయి ఉంటే కుండీని టబ్బులో అరగంట పెట్టి, నీళ్లు అడుగు నుంచి పీల్చుకోనివ్వండి, అరగంట తర్వాత మాత్రం మర్చిపోకుండా తీసేయండి. పైన రెండు అంగుళాలు ఎండుటాకులో కొబ్బరి పీచో పరచండి. కాఫీ పిప్పి చేస్తుందని మీరు ఆశించిన పని, అంటే తడి కాపాడటం, ఆ ఎండుటాకులు ఇంకా బాగా చేస్తాయి.

ఇక పసుపు ఆకులు. ఏ ఆకులు పసుపైనాయో జాగ్రత్తగా చూడండి, జవాబు అక్కడే ఉంది. కింది ముదురు ఆకులు మొత్తం ఒకేలా పాలిపోయి రాలుతుంటే నత్రజని తక్కువైనట్టు, అది పిప్పి వల్ల కావచ్చు. మీరు కొత్త ఆకులన్నారు. కొత్త ఆకు పసుపుగా ఉండి దాని ఈనెలు మాత్రం ఆకుపచ్చగా వలలా కనిపిస్తుంటే అది ఇనుము లోపం. మన వైపు బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇది బాగా కనిపిస్తుంది, కుండీ అంచున తెల్లగా ఉప్పు పట్టినట్టు ఉంటుంది చూడండి, ఆ నీటిలోని సున్నం మట్టిలో పేరుకుని, ఇనుము మట్టిలో ఉన్నా మొక్కకి అందకుండా చేస్తుంది. కరివేపాకుకి కూడా ఇదే జరుగుతుంది.

దీనికి మన దగ్గర రైతులు ఎప్పటి నుంచో వాడే మందు ఉంది: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్, 1 గ్రాము నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. ముందు నిమ్మ ఉప్పు కరిగించి ఆ తర్వాత అన్నభేది వేయండి. అప్పటికప్పుడు కలిపింది అప్పుడే కొట్టాలి, దాచుకుంటే తుప్పు రంగుకి తిరిగిపోతుంది, ఇక పనిచేయదు. సాయంత్రం ఎండ తగ్గాక ముందు ఒక్క కొమ్మ మీద కొట్టి రెండు రోజులు చూడండి, ఆకు అంచులు మాడకపోతే మిగతా మొక్కకి కొట్టండి. వారం పది రోజులకి ఇంకోసారి. పాత పసుపు ఆకులు పూర్తిగా పచ్చబడకపోవచ్చు, కొత్తగా వచ్చే చిగురు రంగు చూసి పని చేసిందో లేదో తేల్చుకోవాలి. స్ప్రే గోడ మీద, గచ్చు మీద పడితే తుప్పు మరకలు పోవు, కొట్టే ముందు కుండీని వాటికి దూరంగా జరుపుకోండి.

పిప్పిని ఎరువు చేసే పద్ధతి

పెద్ద ఏర్పాట్లేం వద్దు. 20 లీటర్ల పెయింటు బకెట్ ఒకటి, అడుగున, చుట్టూ పది పదిహేను రంధ్రాలు, కింద పెట్టుకోవడానికి రెండు ఇటుకలు, పైన వదులుగా ఒక మూత. అడుగున నాలుగు వేళ్ల మందం ఎండుటాకులు వేయండి. ఆ తర్వాత లెక్క ఇది: కొలత గిన్నెతో ఒక గిన్నె కాఫీ పిప్పికి మూడు గిన్నెల నలిపిన ఎండుటాకులు, ఒక గిన్నె కూరగాయల తొక్కలు. మొదటిసారైతే రెండు గుప్పిళ్లు పాత కంపోస్టో ఎండిన పేడో కలపండి, సూక్ష్మజీవులు అందులోంచే వస్తాయి. మొత్తంలో కాఫీ పిప్పి ఐదో వంతు దాటకూడదు. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి, మిగతా కొలతలు కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

ఆకుల విషయంలో ఒక మాట. వేప, కానుగ ఆకులు త్వరగా మాగుతాయి. మామిడి ఆకు మందంగా, నిగనిగలాడుతూ ఉంటుంది, నలపకుండా వేస్తే నెలల తరబడి అలాగే ఉంటుంది, గోతంలో వేసి కాళ్లతో తొక్కి ముక్కలు చేసి వేయండి. చిత్తూరు వైపు మామిడి తోటలున్న వాళ్లకి ఆకులకి కొదవే లేదు, ఊళ్లో ఉన్నవాళ్లే వీధి ఊడ్చేవాళ్లని అడిగి తెచ్చుకోవాలి, ప్లాస్టిక్ ఏరుకుంటే ఆ ఆకులు చక్కగా పనికొస్తాయి.

తడి సంగతి చేత్తో చూసుకోవాలి. బకెట్ మధ్యలోంచి ఒక పిడికెడు తీసి గట్టిగా పిండండి. ముద్దగా నిలిచి, వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు. ధారగా కారితే నీళ్లు ఎక్కువ, ఆకులు కలపండి. పిడికిలి తెరవగానే పొడిగా రాలిపోతే కాసిన్ని నీళ్లు చల్లండి. ఎండాకాలంలో మన దగ్గర బకెట్ ఎండిపోవడమే ఎక్కువ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో మాత్రం దానికి పూర్తిగా రివర్స్, మూత సరిగా లేకపోతే బురదవుతుంది. వారానికి ఒకసారి అడుగుది పైకి, పైది అడుగుకి వచ్చేలా కలపండి.

ముక్కే ఇక్కడ మంచి పరికరం. పుల్లటి వాసన, కుళ్లు వాసన వస్తే గాలి ఆడట్లేదు, ముక్కు అదిరే ఘాటు వాసన వస్తే ఆకులు తక్కువై పిప్పీ తొక్కలూ ఎక్కువైనాయి. రెండింటికీ మందు ఒకటే, ఎండుటాకులు కలిపి తిరగేయడం. పైన తెల్లటి బూజు కనిపిస్తే భయపడొద్దు, కాఫీ పిప్పి మీద అది సహజం, కలిపేస్తే కనిపించదు. అయితే కలిపేటప్పుడు ముఖం బకెట్‌లో పెట్టి పీల్చకండి, ఉబ్బసం ఉన్నవాళ్లు మాస్కు పెట్టుకోండి.

వానపాముల తొట్టి ఉన్నవాళ్లు కూడా పిప్పి వేసుకోవచ్చు, కానీ పలచగా, ఒక మూలకి. అవి ఇష్టంగా వస్తే ఇంకాస్త వేయండి, ఆ మూల వదిలేసి దూరంగా పోతుంటే ఆపండి.

మన వేడికి రెండు నుంచి మూడు నెలల్లో అయిపోతుంది, వానాకాలంలో ఇంకాస్త పడుతుంది. ముదురు గోధుమ రంగుకి తిరిగి, ఆకు ఆనవాలు పోయి, కాఫీ వాసన అసలు లేకుండా తొలకరి మట్టి వాసన రావాలి. కాఫీ వాసన ఇంకా వస్తోందంటే ఇంకా కావాల్సింది ఉంది.

అప్పుడు కూడా నేను మెంతులతో పరీక్ష చేయకుండా వాడను. రెండు పేపరు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో ఉత్త తోట మట్టి, ఇంకోదాంట్లో సగం అదే మట్టి, సగం కంపోస్ట్. రెండింట్లో పదేసి మెంతులు వేసి నీడలో తడిగా ఉంచండి. నాలుగైదు రోజుల్లో తేడా కళ్లకి కనిపిస్తుంది. రెండు గ్లాసుల్లో ఇంచుమించు సమానంగా మొలిస్తే కంపోస్ట్ సిద్ధం. కంపోస్ట్ గ్లాసులో సగమే మొలిచినా, మొలిచినవి కురచగా ఉండి వేరు కొస గోధుమ రంగుకి తిరిగినా ఇంకో మూడు వారాలు మాగనివ్వండి. పీకి వేరు చూడటం మర్చిపోకండి, పైకి బాగానే కనిపించి వేరు మాడి ఉండొచ్చు.

వాడకం: 12 అంగుళాల కుండీకి నెలకి ఒక దోసెడు, పై మట్టిలో కలిపి నీళ్లు పోయండి. కొత్తగా కుండీ నింపేటప్పుడు మొత్తం మట్టిలో ఐదో వంతు వేసుకోవచ్చు. అయితే దీన్ని నమ్ముకుని మిగతా ఎరువులు మానేయొద్దు. ఒక చిన్న లెక్క చెబుతాను, ఆశ ఎంత పెట్టుకోవాలో తెలుస్తుంది. నలుగురున్న ఇంట్లో రోజుకి 50 గ్రాముల పొడి వాడితే, డికాషన్‌లోకి పోయింది పోగా నెలకి సుమారు కిలో ఎండు పిప్పి మిగులుతుంది. అందులో 2 శాతం లెక్కన నత్రజని 20 గ్రాములు, అదీ నెమ్మదిగా విడుదలయ్యేది. పది పదిహేను కుండీలకి పంచితే ఎంతొస్తుంది? భాస్వరం, పొటాష్ అంతకన్నా తక్కువ. పూలు పూసే గులాబీకి పేడ ఎరువో వర్మికంపోస్టో వేప పిండో మామూలుగా వేయాల్సిందే. పిప్పి కంపోస్ట్ మట్టిని గుల్లగా చేస్తుంది, తడి పట్టి ఉంచుతుంది, అందుకే వేస్తాం.

నారు పోసే ట్రేలలో, కొత్తిమీర మెంతికూర చల్లే తొట్లలో, చిన్న తులసి కుండీల్లో పచ్చి పిప్పి చిటికెడు కూడా వద్దు. నేలలో ఉన్న పెద్ద చెట్లకి, అంటే మామిడి, కొబ్బరి, సపోటా లాంటి వాటికి, మొదలుకి దూరంగా పలచగా చల్లి పైన ఆకులు కప్పేస్తే నష్టం లేదు. పలచగా అంటే కింద మట్టి ఇంకా కనిపించేంత.

ఇంట్లో వాడకాల గురించి

సింకులో మాత్రం పోయకండి. అది నీళ్లలో కరగదు, పైపు వంపులో కూర్చుంటుంది, గిన్నెల నూనె జిడ్డు దాని మీద పట్టి గట్టిపడుతుంది. ఫిల్టర్ కడిగే ముందు పిప్పిని స్పూనుతో తీసి డబ్బాలో వేసి, మిగిలిందే కడగండి. మాడిన గిన్నె తోమడానికి పిప్పి బాగానే పనిచేస్తుంది, తోమాక ఆ పిప్పిని కూడా చేత్తో తీసేసి అప్పుడు కడగాలి. నాన్‌స్టిక్ మీద వద్దు, గీతలు పడతాయి. తెల్ల టైల్సు, వాటి మధ్య సందులు దీంతో రుద్దితే గోధుమ రంగు మరక పట్టుకుంటుంది.

ఫ్రిజ్‌లో వాసనకి పెట్టుకోవచ్చు, కానీ పళ్లెంలో పలచగా పరిచి ఎండలో గలగలలాడేలా ఎండబెట్టాక. తడి పిప్పిని మూత పెట్టిన డబ్బాలో ఉంచితే మన వేడికి మూడు నాలుగు రోజుల్లో బూజు పడుతుంది. కంపోస్ట్ కోసం దాచేవాళ్లు కూడా ఎండబెట్టి దాచడమే మేలు. కొందరు పొడిని పాలలోనే మరిగించి, చక్కెర వేసి వడకడతారు, ఆ పిప్పికి చీమలు, ఈగలు, వాసన ఖాయం, దాన్ని దాచొద్దు, ఏ రోజుది ఆ రోజు బకెట్ మధ్యలో ఆకుల కింద కప్పేయండి.

వానల్లో నత్తలు రాకుండా చుట్టూ పిప్పి చల్లమని కూడా చెబుతుంటారు. హవాయిలో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు 2002లో కెఫిన్ నత్తల్ని చంపుతుందని చూపించిన మాట వాస్తవం, కానీ వాళ్లు వాడింది 1, 2 శాతం కెఫిన్ ద్రావణం. మనం డికాషన్ తీసేసిన పిప్పిలో అంత బలం ఎక్కడిది? రాత్రి టార్చి వేసుకుని ఏరేయడమే నికరమైన పద్ధతి. అలాగే పూల తొట్టి ప్లేట్లలో నిలిచిన నీళ్లలో పిప్పి వేస్తే దోమలు రావని నమ్ముకుని కూర్చోకండి, ఆ నీళ్లు వారానికి ఒకసారైనా పారబోసి ప్లేటు రుద్ది కడగాలి.

ఇంట్లో కుక్క ఉంటే పిప్పి డబ్బా, కంపోస్ట్ బకెట్ రెండూ దానికి అందకుండా పెట్టండి. కెఫిన్ కుక్కలకి విషం. తిన్నదని అనుమానం వచ్చి, అది ఒకచోట నిలవకుండా తిరుగుతుంటే, వాంతులు, వణుకు, గుండె వేగం కనిపిస్తే ఇంటి వైద్యాలు చేయకుండా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

హోటల్ గోతం

తిరుచానూరు వైపు మా బంధువు ఒకాయనకి ఇంటి వెనక మల్లె పాదులున్నాయి. తెలిసిన హోటల్ నుంచి రోజూ పిప్పి తెచ్చి పాదుల చుట్టూ రెండు వేళ్ల మందం పోశాడు. మొదటి రెండు వారాలు బాగానే ఉంది. తర్వాత పెద్ద బూజు, చిన్న చిన్న ఈగలు, హోటల్ పిప్పిలో పాలూ చక్కెరా కలిసి ఉండటంతో చీమల బారులు. నన్ను పిలిచేసరికి కింది ఆకులు పాలిపోయి ఉన్నాయి, మొగ్గ బాగా తగ్గింది. పొర తీసి చూస్తే కింద నేల పొడిగా ఉంది, ఆయనేమో రోజూ పైపు పెడుతున్నాడు, నీళ్లన్నీ పక్క కాలువలోకి పోతున్నాయి.

మొత్తం ఊడ్చి తీయించాం. తోట మూలలో మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గొయ్యి తీసి, ఒక తట్ట పిప్పికి నాలుగు తట్టల ఎండుటాకులు, మధ్యమధ్య పేడ నీళ్లు చల్లుతూ పొరలు పొరలుగా వేశాం. పాదులకి గొప్పు తవ్వి, పేడ ఎరువు వేసి, ఆకులు కప్పాం. కొత్త చిగుర్లు రావడానికి నెల పైనే పట్టింది. గొయ్యి మాత్రం వానలు ముగిశాక తీస్తే ఎరువు చక్కగా వచ్చింది, అదే మళ్లీ ఆ పాదులకే వేశాడు, ఈసారి ఏ ఇబ్బందీ లేదు. పిప్పి ఒకటే, పాదులూ అవే, మాగిందా లేదా అన్నదే తేడా.

కాబట్టి హోటల్ వాళ్లు ఇస్తామన్నారని గోతం తెచ్చేసుకోవద్దు. ముందు మీ దగ్గర ఎండుటాకులు ఎన్ని ఉన్నాయో చూసుకోండి. ఒక బకెట్ పిప్పికి కనీసం మూడు నాలుగు బకెట్ల ఆకులు కావాలి, నిండు గోతానికి నాలుగు గోతాల ఆకులన్నమాట, మిద్దె మీద అంత చోటు ఎవరికీ ఉండదు. మీ ఇంటి పిప్పే 20 లీటర్ల బకెట్‌కి చాలా వరకు సరిపోతుంది. ఇంకో బకెట్ పెట్టే చోటు, దానికి సరిపడా ఆకులు ఉంటేనే హోటల్ నుంచి వారానికి ఒక చిన్న డబ్బా తెచ్చుకోండి. తెచ్చే ముందు అది ఉత్త డికాషన్ ఫిల్టర్ పిప్పేనా, టీ పొడి, పాలు, చక్కెర కలిసిన చెత్తా అని అడగండి, రెండోదైతే వద్దని చెప్పేయండి.

పొర తీసి నీళ్లు పెట్టాక మూడు వారాల్లో మీ గులాబీ చిగురు ఫోటో పెట్టండి. ఈనెలు స్పష్టంగా కనిపించేలా దగ్గరి నుంచి ఒకటి, కుండీ అంచు కనిపించేలా ఒకటి తీయండి, ఇనుము లోపమా ఇంకేమైనానా చూసి చెబుతాను.